అగ్నిమాపక జలధార – 3వ పాఠం: నాజిల్ వెనక్కి ఎందుకు నెడుతుంది?

పంపు ఇచ్చిన పీడనంలో కొంత భాగం హోజు పొడవునా రాపిడికి ఖర్చవుతుందని గత పాఠంలో చూశాం. మిగిలిన పీడనం నాజిల్ మూతి దగ్గర ఏం చేస్తుందో ఇప్పుడు లెక్కిద్దాం.

63 మి.మీ. హోజుకు 20 మి.మీ. నాజిల్ బిగించి ఉందని, నాజిల్ దగ్గర పీడనం 7 బార్ అని అనుకుందాం. హోజులో సెకనుకు 4 మీటర్ల లోపు వేగంతో నడిచే నీరు, దారి వైశాల్యం ఒక్కసారిగా పదో వంతుకు తగ్గడంతో మూతి దగ్గర ఎంతో వేగం అందుకుంటుంది.

v = √(2P/ρ) = √(2 × 700000 / 1000) ≈ 37.4 m/s

ఆ వేగంతో సెకనుకు సుమారు 11.75 కిలోల నీరు బయటపడుతుంది. అంత నీటికి అంత వేగం ఇవ్వడానికి కావలసిన బలం 11.75 × 37.4, అంటే దాదాపు 440 న్యూటన్లు. అంతే బలం ఎదురు దిశలో నాజిల్ మీద పడుతుంది. అది 45 కిలోల బరువుకు సమానం. మూతి వైశాల్యం A తెలిస్తే F = 2PA అనే సూత్రం కూడా ఇదే జవాబు ఇస్తుంది.

అయితే అసలు ఇబ్బంది బలం పరిమాణం ఒక్కటే కాదు. హోజు వంగే వస్తువు కనుక, దాన్ని కొస నుంచి వెనక్కి నెడితే పక్కకు మెలిక తిరగాలని చూస్తుంది. నాజిల్ తిరిగిన వైపే బలం కూడా తిరుగుతుంది కాబట్టి, నాజిల్ హోజు వరుస నుంచి 10 డిగ్రీలు తప్పినా దాదాపు 8 కిలోల పక్కతోపు పుడుతుంది. దాన్ని వెంటనే అణచకపోతే కోణం, తోపు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. చేయి జారిన హోజు పాములా కొట్టుకోవడానికి కారణం ఇదే. అందుకే నాజిల్ వెనక కొన్ని మీటర్ల మేర హోజును తిన్నగా ఉంచాలి, రెండో మనిషి దాన్ని వెనక నుంచి ఆనించి పట్టాలి, వాల్వును మెల్లగా తెరవాలి.

పీడనాన్ని సగం చేసి 3.5 బార్‌కు తెస్తే తోపు కూడా సగమై 22 కిలోలకు దిగుతుంది. నీటి ప్రవాహం మాత్రం పీడనం వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి నిమిషానికి 705 లీటర్ల నుంచి 500 లీటర్లకే తగ్గుతుంది. ఈ తేడాను నేర్పుగా వాడుకోవచ్చు: అదే 3.5 బార్ దగ్గర 25 మి.మీ. నాజిల్ పెడితే నిమిషానికి సుమారు 780 లీటర్లు వస్తాయి, తోపు 35 కిలోలే. అంటే మొదటి అమరికకన్నా నీరు ఎక్కువ, పట్టుకునే శ్రమ తక్కువ. కానీ వేగం సెకనుకు 26 మీటర్లకు పడిపోతుంది గనుక ధార అంత దూరం చేరదు. మంటకు దగ్గరగా నిలబడే వీలున్నప్పుడే ఈ మార్పు పనికొస్తుంది.

అభ్యాసం: ఇదే 25 మి.మీ. నాజిల్‌ను 7 బార్ దగ్గర తెరిస్తే తోపు ఎన్ని కిలోలో కట్టి చూడండి. జవాబు 70కి దగ్గరగా రావాలి.