ఫారెక్స్ కార్డు తీసుకున్నారు సరే, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

మొన్న రాత్రి ఒకటిన్నరకి ఫోన్. రావులపాలెం దగ్గర అరటి తోట ఉన్న ఆయన. "ఏవండీ, మావోడి కార్డు పనిచెయ్యట్లేదంటండి. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో నిలబడిపోయాడండి." అక్కడ అప్పుడు రాత్రి పది. విదేశాల్లో వాడుకోవడానికి ఇక్కడే ముందుగా విదేశీ డబ్బు నింపి తీసుకెళ్లే ఫారెక్స్ కార్డు అది. కార్డులో 1,500 యూరోలున్నాయి, పైసా తగ్గలేదు.

జరిగింది ఇదీ. కుర్రాడు రైలు టికెట్ మిషన్ మీద కార్డు తాకించాడు. కాంటాక్ట్‌లెస్ స్విచ్ ఆఫ్‌లో ఉంది, తీసుకోలేదు. చిప్ వైపు లోపలికి పెడితే పిన్ అడిగింది. అలవాటు కొద్దీ మన బ్యాంకు ఏటీఎం పిన్ కొట్టాడు. మూడోసారికి పిన్ లాకైపోయింది. సరే, యాప్‌లో స్విచ్ ఆన్ చేద్దామంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ రావులపాలెంలో, టీవీ పక్కన సైలెంట్‌లో చార్జింగ్ పెట్టిన నాన్నగారి ఫోన్‌కి వెళ్తోంది. ఆయనకి మెలకువ వచ్చేసరికి నాలుగు ఓటీపీలు వచ్చి చెల్లకుండా పోయాయి.

కార్డు ఫారంలో నాన్న నంబరు రాయడం. నేను చూసిన గొడవల్లో సగానికి పైగా మూలం ఇదే. డబ్బు కట్టేది ఆయన, కౌంటర్ దగ్గర కూర్చునేది ఆయన, నంబరూ ఆయనదే రాసేస్తారు. కార్డు మాత్రం ఏడు సముద్రాల అవతల ఉంటుంది. పిల్లల సిమ్ నంబరే ఇవ్వండి. ఆ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, అక్కడ ఉన్నన్నాళ్లూ వ్యాలిడిటీ ఉండేలా రీచార్జ్ చేయించండి. అక్కడి సిమ్ రాగానే దీన్ని తీసి పర్సులో పడేస్తారు, అలా చెయ్యొద్దని చెప్పండి.

రెండోది స్విచ్‌లు. చాలా కార్డులు చేతికొచ్చేటప్పటికి ఆన్‌లైన్ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆఫ్‌లోనే ఉంటాయి. అది దొంగల నుంచి కాపాడటానికే, తప్పు కాదు. కానీ ఈ కార్డు ఇండియాలో, నేపాల్‌లో, భూటాన్‌లో చెల్లదు. కాబట్టి భీమవరంలో ఏదో షాపులో గీకి చూసుకుందామంటే కుదరదు. యాప్ తెరిచి ఒక్కో మీట కళ్లతో చూసుకోవడమే పరీక్ష. అది విమానం ఎక్కకముందే, ఆ నంబరున్న ఫోన్ చేతిలో ఉండగానే చేయాలి.

పిన్ సంగతి ఇంకొంచెం చిక్కు. కొన్ని మిషన్లు పిన్‌ని బ్యాంకుని అడగవు, కార్డు చిప్‌లో ఉన్నదాంతోనే సరిచూస్తాయి. యాప్‌లో పిన్ మారిస్తే బ్యాంకుకి వెంటనే తెలుస్తుంది, చిప్‌కి తెలియదు. కార్డు ఒకసారి ఏటీఎంలో పడితే కొత్తది చిప్‌లోకి ఎక్కుతుంది. అందుకే దిగగానే ఏటీఎంలో చిన్న మొత్తం తీయమంటాను. చార్జీ పడుతుంది, పడనివ్వండి.

కార్డు తిరస్కరిస్తే ఎక్కడ తేడా ఉందో ఇలా పోల్చుకోవచ్చు. తాకిస్తే కాదంటోంది, లోపల పెడితే అవుతోందంటే కాంటాక్ట్‌లెస్ స్విచ్. షాపుల్లో అవుతోంది, వెబ్‌సైట్‌లో అవ్వట్లేదంటే ఆన్‌లైన్ స్విచ్ లేదా ఓటీపీ. అన్నిచోట్లా అవుతూ పెట్రోల్ బంకులోనో హోటల్లోనో మాత్రమే ఆగితే కార్డుది తప్పు కాదు, వ్యాపారం రకానిది. ప్రతి దుకాణానికీ ఒక కోడ్ ఉంటుంది. మనిషి లేని పెట్రోల్ పంపుది 5542. అమెరికాలో అది మీరు ఇరవై డాలర్లు పోసుకున్నా ముందు వంద, ఒక్కోచోట ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది. కార్డులో అరవై ఉంటే తిరస్కారమే. లోపలికెళ్లి క్యాషియర్ దగ్గర ఇరవై కట్టి పోసుకోండి. హోటల్ డిపాజిట్ కూడా ఇంతే, పట్టి ఉంచిన డబ్బు తిరిగి రావడానికి రోజులు పడుతుంది. అద్దె కారుకి ఫారెక్స్ కార్డు చూపించడమే దండగ.

ఇక మిగతావి.

మన ఏటీఎం పిన్, ఈ పిన్ వేరువేరు. రెండుసార్లు తప్పయితే మూడోది కొట్టకండి, ఆపేయండి.

మిషన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి.

బెట్టింగ్, లాటరీ సైట్లలో పెట్టొద్దు. కార్డు ఒప్పుకోదు, చట్టమూ ఒప్పుకోదు.

కస్టమర్ కేర్‌వాళ్ల విదేశీ నంబరు కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు.

యాభై యూరోల నోట్లు రెండు చొక్కా జేబులో. పూతరేకుల డబ్బాలో కాదు.

ఫారంలో నాన్న నంబరు ఇచ్చేశారా? రేపే వెళ్లి మార్పించండి. టికెట్ తేదీ వారంలో ఉంటే ఇవాళే. మారకపోతే, కుర్రాడు అక్కడ ఉన్నన్నాళ్లూ నాన్నగారి ఫోన్ రింగ్ మీద, ఆయన తలగడ పక్కన.