కస్టమర్లను వాట్సాప్‌కి తెచ్చే యాడ్ మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఉదయగిరి చెక్క గరిటెలకు నెల్లూరు నుంచి ఫేస్‌బుక్‌లో, నొక్కితే వాట్సాప్ చాట్ తెరుచుకునే యాడ్ ఇస్తున్నారనుకుందాం.

☐ "అసలైన బేరం" అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. "రేటెంత?" అని అడిగి ఊరుకున్నది బేరం కాదు. ఎన్ని కావాలో చెప్పి, పిన్‌కోడ్ కూడా ఇస్తేనే లెక్కలోకి తీసుకోండి.

☐ ఒక్కో యాడ్‌కి ముందుగా నింపి ఉంచే మెసేజ్ వేరుగా పెట్టండి: ఒకదానికి "గరిటెల సెట్ వివరాలు", ఇంకోదానికి "ఆరు గరిటెల సెట్ కావాలి". కొందరు దాన్ని చెరిపేసి "హాయ్" అని పంపుతారు, కాబట్టి చాట్ రాగానే ఏ యాడ్‌దో చూసి లేబుల్ వేసేయాలి.

☐ ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్‌లో మొదలైన చాట్లను చూపే Messaging conversations started అంకె కొత్తవాళ్ల లెక్క అనుకోవద్దు. ఏడు రోజులు మాటల్లేకుండా ఉండి యాడ్ ద్వారా మళ్లీ రాసిన పాత కస్టమర్ కూడా అందులో పడతాడు.

☐ అమ్మకాల పుస్తకం వేరే ఉండాలి. యూపీఐలో మీకొచ్చిన డబ్బు యాడ్స్ మేనేజర్ రిపోర్టుకి దానంతటది తెలియదు. డబ్బు ఎప్పుడొచ్చినా, అమ్మకాన్ని మొదటి చాట్ తేదీ కిందే, ఆ యాడ్ పేరు మీదే రాయండి.

ఇదంతా ఎందుకంటే, రెండు యాడ్లకీ చెరో ₹3,000 పెట్టారనుకోండి. మొదటిదానికి 100 చాట్లు, 10 బేరాలు, 3 అమ్మకాలు. రెండోదానికి 50 చాట్లు, 20 బేరాలు, 8 అమ్మకాలు. చాట్‌కి ₹30 పడిన మొదటిదే చవకగా కనిపిస్తుంది. కానీ అమ్మకానికి దానికి ₹1,000 పడితే, రెండోదానికి ₹375 మాత్రమే.

☐ రాత్రి జవాబిచ్చే మనిషి లేకపోతే ఆ వేళల్లో యాడ్ ఆపండి. పొద్దున్నే జవాబిచ్చేసరికి చాలామంది చల్లబడిపోతారు, మీరేమో తప్పు యాడ్‌దే అనుకుంటారు.