వానలు మొదలవకముందే కొలత టేపు తీయండి: నడక తగ్గుతున్న డిస్ట్రఫీవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

మా వార్‌డ్రోబ్ తలుపు లోపలివైపు పెన్సిల్‌తో కొన్ని అంకెలు రాసి ఉంటాయి. 2019లో 17, 2022లో 20, 2024లో 22, పోయిన నెల 23న్నర. పిల్లల ఎత్తు అనుకుంటారు చూసినవాళ్ళు. అవి నా అంకెలు. ఎంత ఎత్తు మీద కూర్చుంటే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేను లేవగలనో అన్ని అంగుళాలు. నాకు లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే తుంటి, భుజాల చుట్టూ కండరాలు మెల్లగా బలం కోల్పోయే జబ్బు, అందులో డిస్ఫెర్లిన్ రకం. ఇరవై రెండేళ్ళప్పుడు మునివేళ్ళ మీద నిలబడలేకపోవడంతో మొదలైంది. మొదట్లో కండరాల వాపు అనుకుని స్టెరాయిడ్లు కూడా వాడించారు, ఈ రకానికి అవి పనిచేయవని తర్వాత తెలిసింది. ఇప్పుడు నలభై ఆరు. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాను, బయట కర్ర.

ఈ జబ్బులో చక్రాల కుర్చీ వచ్చాక ప్రమాదం అని చాలామంది అనుకుంటారు, నిజానికి అంతకన్నా ప్రమాదం కుర్చీకి ముందు, ఇంకా నడుస్తున్న ఆ చివరి రెండు మూడేళ్ళు. తొడ కండరం బలం తగ్గాక మనం మోకాలిని వెనక్కి లాక్ చేసి నిలబడతాం. ఆ లాక్ ఒక్కసారి జారితే తూలడం, సర్దుకోవడం ఏమీ ఉండవు, కరెంటు పోయినట్టు నిలువునా కూలబడిపోతాం, కాళ్ళు మన కిందే మడతపడతాయి. తొడ ఎముకో చీలమండో విరిగి ఆరు వారాలు మంచం మీద ఉంటే ఆ తర్వాత నడక చాలామందికి తిరిగి రాదు. దానికి హైదరాబాద్ వానాకాలం తోడైతే, తడిసిన మార్బుల్, మెట్ల మీద చెప్పుల బురద, లిఫ్టు ముందు గొడుగు కార్చిన నీళ్ళు. అందుకే జూన్‌కి ముందే నేను ఈ పనులన్నీ ముగించుకుంటాను.

ముందు కొలత. గట్టి పీట మీద పాత పుస్తకాలు పేర్చి పైన ప్లైవుడ్ ముక్క వేయండి, సోఫా, పరుపు మీద కొలిస్తే లాభం లేదు, కుంగిపోతాయి. ఎత్తు నుంచి మొదలుపెట్టి ఒక్కో పుస్తకం తీసేస్తూ రండి, పక్కన ఒక మనిషి నిలబడాలి కానీ ముట్టుకోకూడదు. తొడల మీద చేతులు ఆనించి లేవడం లెక్కలోకి వస్తుంది, బల్ల పట్టుకుని లేవడం రాదు. వరసగా మూడుసార్లు లేవగలిగిన చివరి ఎత్తే మీ అంకె. సాయంత్రం కొలవండి. పొద్దున కొలిస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే, నేను రెండేళ్ళు ఆ పనే చేశాను. మూడు నెలలకోసారి చాలు, ఊరికే కొలుస్తూ కూర్చుంటే దిగులు తప్ప ఏమీ రాదు.

ఆ అంకెతో ఇల్లంతా ఒకసారి తిరగండి. మామూలు డైనింగ్ కుర్చీ 18 అంగుళాల దగ్గర ఉంటుంది, కమోడ్ 16 అటూ ఇటూ. నా అంకె 20 అయిన రోజుకే కమోడ్ నాకు అందని ఎత్తులో ఉంది, అయినా గోడ మీది టవల్ రాడ్డు పట్టుకుని లేస్తూ బండి లాగించాను. ఆ రాడ్డు బట్టలు ఆరేయడానికి పెట్టింది, నన్ను లేపడానికి కాదు. ఒక జూలై రాత్రి స్క్రూలతో సహా ఊడి వచ్చింది. నేను పడింది తలుపుకి అడ్డంగా. తలుపు లోపలికి తెరుచుకునేది, గడియ పెట్టి ఉంది. మా ఆవిడ బయట నుంచి "ఏమండీ, కొంచెం పక్కకి జరగండి" అంటుంది, నేను జరగగలిగితే లేచేవాణ్ణి కదా. వాచ్‌మన్ వచ్చి గడియ దగ్గర చెక్క పగలగొట్టేసరికి నలభై నిమిషాలు. ఎముకలు విరగలేదు, అదృష్టం.

కాబట్టి మొదటి పని, బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. వడ్రంగికి సగం రోజు పని. గడియ తీసేసి, బయట తిరగేసే 'లోపల ఉన్నారు' బోర్డు ఒకటి పెట్టుకోండి. పట్టుకునే కమ్మీ వేయించేటప్పుడు మేస్త్రి అందరికీ వేసినట్టే భుజం ఎత్తులో వేస్తానంటాడు. మన భుజాలకి అక్కణ్ణుంచి లాక్కునే బలం ఉండదు. కూర్చున్నప్పుడు ముంజేయి ఆనే ఎత్తులో, అడ్డంగా వేయించుకుంటే దాని మీద బరువు మోపి పైకి నెట్టుకోవచ్చు. గోడ బోలు ఇటుకలదైతే ఊరికే బిగిస్తే ఆగదు, వెనకవైపు ప్లేటు పెట్టి బోల్టు వేయమనండి.

ఇక కమోడ్ ఎత్తు సంగతి. నేనైతే ఇక్కడ దాదాపు తప్పు చేయబోయాను. ప్లంబర్ కింద సిమెంటు దిమ్మె కట్టి శాశ్వతంగా 23 అంగుళాలకి లేపేద్దాం సార్ అన్నాడు, సరే అనబోతుంటే మా ఫిజియోథెరపిస్ట్ ఆపింది. ఇవాళ నిలబడి లేవడానికి ఎత్తు కావాలి, రేపు చక్రాల కుర్చీ నుంచి పక్కకి జరిగి కూర్చోవాలంటే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. కుర్చీ సీటు కుషన్‌తో కలిపి 20 అంగుళాల దగ్గరే ఉంటుంది. 23 అంగుళాల దిమ్మె అప్పుడు ఎక్కలేని గుట్ట అయిపోతుంది. పెరుగుతూ పోయే జబ్బుకి సిమెంటుతో జవాబు చెప్పకూడదు. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ రైజర్ సీట్లు దొరుకుతాయి, రెండు అంగుళాలు, నాలుగు, ఆరు, అలా. మంచానికి కూడా కాళ్ళ కింద చెక్క దిమ్మెలే పెట్టుకున్నాం, కట్టించలేదు. సిమెంటు పని చేయించింది ఒక్కచోటే, బాత్రూమ్ గడప కొట్టించి నేల సమం చేయించాం. అది ఈ రోజు కాలికీ, రేపటి చక్రానికీ పనికొస్తుంది. అప్పుడే ద్వారం కూడా వెడల్పు చేయించండి, 18 అంగుళాల సీటున్న కుర్చీ బయటి కొలత 25, 26 ఉంటుంది, మన ఫ్లాట్లలో బాత్రూమ్ తలుపులు చాలావరకు దానికి ఇరుకే.

ఎన్ని చేసినా పడతాం. పడ్డాక చేసే తప్పు పడటం కన్నా పెద్దది. చుట్టుపక్కలవాళ్ళు పరుగున వచ్చి రెండు చంకల్లో చేతులు పెట్టి పైకి లాగుతారు, భుజం కండరాలు లేని మనిషి వాళ్ళ చేతుల్లోంచి జారిపోతాడు, భుజం కీలు దెబ్బతింటుంది. "అయిదు నిమిషాలు నన్ను ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పడం నేర్చుకోండి. ఆ అయిదు నిమిషాల్లో నొప్పి ఎక్కడుందో, కాలు వంకరగా ఉందేమో చూసుకోండి. అనుమానం ఉంటే కదలొద్దు, 108కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోతే ముందు పీట మీదికి, అక్కణ్ణుంచి చిన్న స్టూలు మీదికి, తర్వాత మంచం మీదికి, మెట్టు మెట్టుగా ఇద్దరు మనుషులు నడుము బెల్టు పట్టుకుని ఎక్కించాలి.

ఎముక విరిగి ఆసుపత్రికి వెళ్తే అక్కడ చెప్పాల్సిన మాటలు రెండు, నేను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను, ఎందుకంటే ఆ నొప్పిలో గుర్తుండవు. ఒకటి, మత్తు డాక్టరుకి: నాకు మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది, సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదు. ఆ మందు వల్ల ఈ జబ్బువాళ్ళకి కండరాలు ఒక్కసారిగా కరిగి రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. రెండోది ఎముకల డాక్టరుకి: ఎక్కువ రోజులు కట్టుతో పడుకోబెట్టకుండా, వీలైనంత తొందరగా నిలబెట్టే పద్ధతి ఏదో ఆలోచించండి. ఇంకో ముక్క కూడా చేర్చాను. కండరం దెబ్బతింటే పెరిగే సీపీకే మన రక్తంలో ఎప్పుడూ ఎక్కువే, లివర్ కోసం చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా మనకి కండరం నుంచే పెరుగుతాయి. తెలియని చోట లివర్ పాడైందని కంగారుపడి మొదటి నుంచీ టెస్టులు మొదలుపెడతారు.

శ్వాస సంగతి కొంచెమే చెప్తాను, నా రకంలో అది ఆలస్యంగా వస్తుంది, కొన్ని రకాల్లో నడుస్తుండగానే వస్తుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెరుగుతుండటం, జలుబు చేస్తే కఫం దగ్గలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి ఊది చూపించుకోండి. పడుకున్నప్పుడు ఊదే గాలి పావు వంతుకు మించి పడిపోతే ఊపిరి లాగే కండరం, డయాఫ్రం బలహీనపడిందని అర్థం. అలాంటివాళ్ళకి ఆయాసం అనగానే ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టేస్తుంటారు. సమస్య గాలి లోపలికి బయటికి ఆడకపోవడం కాబట్టి మాస్కుతో గాలి లోపలికి నెట్టే బైపాప్ మిషను లాంటిది కావాలేమో అడగండి, ఊరికే ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. ఫ్లూ టీకా వానలకి ముందే.

ఉద్యోగం దగ్గర నా సలహా ఒక్కటే, నోటిమాటగా అడగొద్దు. మొదట్లో మేనేజర్ మంచివాడు కాబట్టి వానాకాలం ఇంటి నుంచి పనిచేసుకోనిచ్చాడు, ఆయన మారాక కొత్తాయన "ఎక్కడ రాసుంది?" అన్నాడు. ఎక్కడా లేదు. ఇప్పుడు మెయిల్‌లో నాలుగు వాక్యాలు: జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇంటి నుంచి పని, రావాల్సిన రోజు లిఫ్టు దగ్గరి సీటు, 24 అంగుళాలకి పెరిగే కుర్చీ, మా అంతస్తులోనే వాడుకోగలిగే టాయిలెట్. ఆ చివరిది లేకపోతే మనం చేసేది ఏంటో తెలుసా, నీళ్ళు తాగడం మానేస్తాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ పేరుతో సహా ఉంది, ప్రైవేటు కంపెనీలు కూడా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని అదే చట్టం చెప్తుంది, హెచ్‌ఆర్‌ని ముందు ఆ కాగితం అడగండి. ప్రభుత్వ ఉద్యోగులకి ఇంకా గట్టిగా ఉంది, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో చేయగలిగిన పనికి మార్చాలి. ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ మాత్రం ఇంకా నడుస్తున్నప్పుడే తీసుకోండి, వైకల్యం శాతం పెరిగాక మళ్ళీ చూపించుకోవచ్చు.

చివరగా లిఫ్టు. గట్టి వాన పడితే మా సెల్లార్‌లోకి నీళ్ళొస్తాయి, లిఫ్టు గుంటలోకీ వెళ్తాయి, అసోసియేషన్ వాళ్ళు లిఫ్టు ఆపేస్తారు. మాది మూడో అంతస్తు. బ్యాటరీ కుర్చీ కొన్నవాళ్ళు దాన్ని సెల్లార్‌లో ఛార్జింగ్‌కి పెట్టకండి, ఒక్క వానకి మోటారు పోతుంది. మనిషిని దించడానికి చేతుల కుర్చీ ఒకటి, వెడల్పు నడుం బెల్టు ఒకటి చాలు, కుర్చీ గట్టిదై ఉండాలి, పలచటి ప్లాస్టిక్‌ది మెట్ల మధ్యలో విరుగుతుంది. నలుగురు పట్టుకోవాలి, దిగేటప్పుడు మనిషి మెట్లు దిగే వైపే చూస్తూ కూర్చోవాలి, కుర్చీ కొంచెం వెనక్కి వాలి ఉండాలి. మేం మే చివరి ఆదివారం ఒకసారి రిహార్సల్ చేస్తాం. మొదటిసారి వాచ్‌మన్ యాదయ్య నన్ను వెనక్కి వాల్చకుండా పట్టుకుంటే రెండో మెట్టుకే ముందుకి జారాను, బెల్టు ఉంది కాబట్టి ఆగాను. ఇప్పుడు అతనే అందరికీ చెప్తాడు, "సార్‌ని వెనక్కి వాల్చండి, లేకుంటే జారుతడు" అని. బెల్టు మా ఇంటి తలుపు వెనక కొక్కానికి ఉంటుంది, ఎదురింటివాళ్ళకీ తెలుసు.