ఆవకాయ అమ్మకానికి పెట్టేటప్పుడు ఏం రాయాలి?

మన సంఘంలో ఆవకాయ పెట్టే అక్కాచెల్లెళ్లకు ఒక మాట. "అమ్మ చేతి రుచి, నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం" అని రాస్తే కొనేవారికి ఏమీ తెలియదు. వారికి కావలసింది లోపల ఏముంది, ఎంత ఉంది అన్నదే.

ముందు తూకం. ఖాళీ సీసాను మూతతో సహా కాటా మీద పెట్టండి. అది 180 గ్రాములు ఉందనుకుందాం. పచ్చడి నింపాక కాటా 500 చూపిస్తే, లోపల ఉన్నది 320 గ్రాములే. అక్కడ అరకిలో అని రాస్తే కొన్నవారు ఇంట్లో తూచిన రోజున మీ మాట పోతుంది. కాటా 680 చూపించేదాకా నింపి, అప్పుడు "నికర బరువు 500 గ్రాములు" అని రాయండి.

తర్వాత దినుసులు, ఎక్కువ బరువున్నది ముందు: మామిడి ముక్కలు, నూనె, కారం, ఉప్పు, ఆవపిండి, మెంతులు, వెల్లుల్లి. ఉత్త "నూనె" అనకండి. నువ్వుల నూనెలో వేరుశనగ నూనె కలిపితే రెండూ రాయాలి. వేరుశనగ పడనివారు ఉంటారు, వెల్లుల్లి తిననివారూ ఉంటారు. ఈ వరుస దాచడం నాకు అసలు నచ్చదు.

పచ్చడి పెట్టిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, "తడి చెంచా పెట్టవద్దు" అన్న హెచ్చరిక, ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నమోదు సంఖ్య కూడా ఉండాలి. ఫొటో మాత్రం ఈ ఏడాది మీ సీసాదే పెట్టండి. కారం రంగు ఏటా ఒకేలా రాదు కదా.