ప్రూఫ్‌లు ఇవ్వడం మర్చిపోయారా? జీతంలో టీడీఎస్ తగ్గించమని ఆఫీసును ఎలా అడగాలి

హన్మకొండలో అద్దెకు ఉంటూ, కరీంనగర్‌లో బ్యాంకు లోన్‌తో ఇల్లు కట్టుకున్న ప్రైవేటు ఉద్యోగి ఉన్నాడనుకుందాం. పాత పన్ను విధానమే ఎంచుకున్నాడు. ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఇచ్చేటప్పుడు హోమ్ లోన్ వడ్డీ 1,80,000 రూపాయలు రాశాడు. జనవరిలో ప్రూఫ్‌లు అడిగితే అద్దె రశీదులు, ఎల్ఐసీ రశీదులు ఇచ్చాడు గానీ బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ మర్చిపోయాడు. జనవరి జీతం చూస్తే చేతికి వచ్చింది బాగా తక్కువ.

2024-25 లెక్క ప్రకారం ఏం జరిగిందో చూద్దాం. వడ్డీతో సహా అన్ని మినహాయింపులూ పోను పన్ను పడే ఆదాయం 6,85,000. సెస్‌తో కలిపి ఏడాది పన్ను 51,480, అంటే నెలకు 4,290. డిసెంబర్ దాకా తొమ్మిది నెలల్లో 38,610 కోశారు. ప్రూఫ్ లేదని వడ్డీని తీసేయగానే ఆదాయం 8,65,000 అయింది, పన్ను 88,920కి పెరిగింది. మిగిలిన 50,310ని మూడు నెలలకు పంచితే నెలకు 16,770. జనవరిలో కోసింది అదే.

ముందుగా చూడాల్సింది పేస్లిప్‌లో ఏ పన్ను విధానం ఉందో. కొత్త విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీ, 80సి, ఇంటి అద్దె మినహాయింపు ఏవీ వర్తించవు. అప్పుడు ప్రూఫ్‌లు ఇచ్చినా టీడీఎస్ తగ్గదు.

తర్వాత బ్యాంకు నుంచి ఆ ఆర్థిక సంవత్సరపు వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో అసలు, వడ్డీ విడివిడిగా ఉండాలి. ఈఎంఐ మొత్తాన్ని వడ్డీగా చూపడం తరచుగా జరిగే పొరపాటు. అసలు 80సి కిందికి వెళ్తుంది, వడ్డీకి వేరే సెక్షన్ ఉంది. ఇల్లు ఇంకా కడుతున్న దశలోనే ఉంటే ఆ ఏడాది వడ్డీ మినహాయింపు రాదు, పూర్తయినట్టు కాగితం కావాలి. భార్యాభర్తల పేరు మీద ఉమ్మడి లోన్ అయితే మీ వాటా ఎంతో రాసి ఇవ్వండి.

ఫారం 12బీబీని మళ్లీ నింపండి. వడ్డీ గడిలో మొత్తం, బ్యాంకు పేరు, చిరునామా, బ్యాంకు పాన్ నంబర్ రాయాలి. బ్యాంకు పాన్ ఖాళీగా వదిలితే చాలాచోట్ల తిప్పి పంపుతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. కాబట్టి ఆ తర్వాతి ఏళ్లకు మీ ఆఫీసు ఇచ్చే ఫారమే వాడండి.

ఇక మెయిల్. పేరోల్ విభాగానికి, హెచ్ఆర్‌కు కలిపి పంపండి. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, జనవరిలో ఇచ్చిన ప్రూఫ్‌లలో హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్ జత చేయలేదు. వడ్డీ 1,80,000 రూపాయలు. సర్టిఫికెట్, సవరించిన ఫారం 12బీబీ జతచేస్తున్నాను. దీన్ని లెక్కలోకి తీసుకుని ఫిబ్రవరి, మార్చి జీతాల్లో టీడీఎస్ సవరించగలరు. సవరించిన పన్ను లెక్క కాపీ పంపగలరు."

ప్రభుత్వ ఉద్యోగులైతే ఇదే విషయాన్ని డీడీఓకు రాతపూర్వకంగా ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం తేదీ. ఆ నెల జీతం బిల్లు పేరోల్‌లో లాక్ కాకముందే మెయిల్ చేరాలి. ఎప్పుడు లాక్ అవుతుందో అడిగి తెలుసుకోండి. పై ఉదాహరణలో ఫిబ్రవరి బిల్లుకు ముందే ఒప్పుకుంటే, జనవరి నాటికి కోసిన 55,380 పన్ను కంటే ఎక్కువే కనుక ఫిబ్రవరి, మార్చిల్లో టీడీఎస్ సున్నా. మిగిలిన 3,900 రిటర్న్ వేశాక రీఫండ్‌గా వస్తుంది. ఫిబ్రవరి దాటిపోతే మొత్తం 72,150 కోసినట్టవుతుంది, 20,670 రీఫండ్ కోసం ఆగాలి.

కోసిన సొమ్మును చేతికి తిరిగివ్వమని ఆఫీసును అడగకండి. అది ఇప్పటికే ప్రభుత్వానికి కట్టేసి ఉంటారు. ఆ ఏడాదిలోనే హెచ్చుతగ్గులను తర్వాతి నెలల్లో సర్దడానికి పాత చట్టంలో 192(3) వీలు కల్పించింది. మూసేసిన పోర్టల్‌ను తెరవాల్సిందేనని మాత్రం అది చెప్పదు. "గడువు అయిపోయింది" అంటే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి. ఎక్కువ మంది ఒప్పుకుంటారు.

మార్చి జీతం కూడా అయిపోతే ఆఫీసు చేయగలిగింది లేదు. జూన్ 15లోగా ఇచ్చే ఫారం 16లో వడ్డీ కనపడకపోయినా రిటర్న్‌లో మీరే చూపవచ్చు. సర్టిఫికెట్ దాచుకోండి, అడిగితే చూపాలి. రిటర్న్ గడువులోగా, మామూలుగా జూలై 31లోగా, వేయండి. గడువు దాటితే జీతగాళ్లకు పాత విధానం ఎంచుకునే అవకాశమే పోతుంది, దాంతో ఈ వడ్డీ మినహాయింపూ పోతుంది.