ఎండలు ముదిరేలోపు వెట్ రైజర్ దగ్గర చూసుకోవలసినవి

శివరాత్రి దాటి ఎండ పెరిగేకొద్దీ విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో బోర్లు అడుగంటడం, సాయంత్రం వేళ ఓల్టేజి పడిపోవడం ఏటా చూస్తున్నదే. పై అంతస్తుల దాకా ఎర్ర రంగు హైడ్రెంట్ పైపు ఉన్న ఆస్పత్రులు, లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు సరిగ్గా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటాయి. ఆ పైపులో ఎప్పుడూ ఒత్తిడితో నీరు నిండి ఉండాలి. అందుకే దానిని వెట్ రైజర్ అంటారు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి కాబట్టి అంతకు ముందే, అంటే మార్చి మొదట్లోనే, ఈ కింది పరీక్షలు చేయించుకోవాలి.

ముందు సంపు సంగతి. సరిగ్గా కట్టిన భవనంలో మునిసిపల్ నీరు, బోరు నీరు మొదట సంపులో మంటలార్పే నీటికి కేటాయించిన అగ్నిమాపక గదిలోకి వచ్చి, అది నిండిన తరువాతే పొర్లి వాడుక గదిలోకి వెళ్తాయి. అందువల్ల అగ్నిమాపక గది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నీరు నిలవ పడదు. ఏప్రిల్‌లో ఇళ్లకు నీరు చాలక ఎవరో ఒక చిన్న మోటారు పైపును ఆ గదిలోకి దించి వాడుకోవడం మన దగ్గర తరచూ జరిగే పని. మూత తీసి, టార్చి వేసి, వాడుక పైపు ఏదీ అందులోకి దిగలేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. ఉన్నట్టు కనబడితే వెంటనే తీయించాలి. ట్యాంకరు తెప్పించుకోవడానికి డబ్బు చాలదనే మాటను ఇక్కడ ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

తరువాత ఒత్తిడి. పంపు గదిలో గేజి చదరపు సెంటీమీటరుకు 7 కేజీలు చూపిస్తోంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. నీరు కదలనప్పుడు ఆ గేజి చెప్పేది సగం సంగతే. ఒక లెక్క చూద్దాం. పంపు గేజికి 21 మీటర్ల ఎత్తులో ఆఖరి అంతస్తులో హోస్ తగిలించే ల్యాండింగ్ వాల్వ్ ఉన్న భవనాన్ని తీసుకోండి. నీటిని 10 మీటర్లు పైకి ఎత్తడానికి సుమారు 1 కేజీ ఒత్తిడి ఖర్చవుతుంది కాబట్టి ఎత్తుకే 2.1 కేజీలు పోతాయి. నీరు పారుతున్నప్పుడు ఆఖరి వాల్వ్ దగ్గర కనీసం 3.5 కేజీలు ఉండాలని నియమం. పైపుల్లో, వంపుల్లో రాపిడికి ఒక కేజీ వేసుకుంటే పంపు దగ్గర 6.6 కేజీల దాకా కావాలి. కదలని నీటితో కింద 7 ఉంటే పైన 4.9 కనిపించాలి. అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. పై వాల్వ్‌కు గేజి బిగించి, హోస్ తగిలించి, ఇద్దరు మనుషులు హోస్ చివర నీరు చిమ్మే బ్రాంచి పైపును గట్టిగా పట్టుకోగా వాల్వ్‌ను నెమ్మదిగా పూర్తిగా తిప్పాలి. మూసేటప్పుడూ నెమ్మదిగానే మూయాలి. ఒక్కసారిగా మూస్తే నీటి దెబ్బకు కీళ్లు ఊడిపోయే ప్రమాదం ఉంది. శిక్షణ లేనివారి చేతికి ఆ బ్రాంచి ఇవ్వకూడదు.

వాల్వ్ తెరిచిన తరువాత పైన గేజి 1 కేజీకి పడిపోయిందనుకోండి. అదే క్షణంలో కింది గేజి ఎంత చూపుతోందో ఫోనులో అడిగి తెలుసుకోవాలి. కింద 6 దాటి నిలబడి ఉండి పైన మాత్రమే పడిపోతే అడ్డంకి పైపు దారిలో ఉంది. ఏ మరమ్మతుకో సగం మూసిన ఐసొలేషన్ వాల్వ్ అలాగే వదిలేసి ఉండవచ్చు, లేదా తుప్పు పేరుకొని ఉండవచ్చు. రెండు గేజిలూ కలిసి పడిపోతే లోపం పంపుది, సక్షన్ జాలీది, లేదా సంపులో నీటి మట్టానిది. ఈ తేడా తెలియక పంపును విప్పించి, తీరా చూస్తే మూసి ఉన్న వాల్వ్ చక్రం బయటపడిన సందర్భాలు తక్కువేమీ కాదు. కరెంటు పంపుతో పరీక్ష పూర్తయ్యాక మెయిన్ ఆపి డీజిల్ పంపు తానుగా అందుకుంటుందో లేదో చూడాలి. 2018లో తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లా ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. డీజిల్ పంపు బ్యాటరీ మీద నమ్మకం ఉంచగల భవనాలు అప్పుడు ఎన్ని ఉంటాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇక అందరూ వదిలేసే భాగం, అంటే గేటు దగ్గర ఫైరింజన్ వారు హోస్ తగిలించే నోళ్లు. ఫైరింజన్‌లో సాధారణంగా 4,500 లీటర్ల నీరు ఉంటుంది. 20 మిల్లీమీటర్ల నాజిల్‌తో 3.5 కేజీల ఒత్తిడి దగ్గర నిమిషానికి సుమారు 500 లీటర్లు వెళ్తాయి కాబట్టి, ఒకే ధార కొట్టినా ఆ నీరు తొమ్మిది నిమిషాలకు అయిపోతుంది. అందువల్ల వారు వచ్చిన వెంటనే భవనం సంపులోని నీటిని పీల్చుకోవాలి, లేదా తమ పంపుతో రైజర్‌ను నింపాలి. గేటు దగ్గర రెండు మూడు రకాల నోళ్లు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి రైజర్‌కు నేరుగా ఒత్తిడి ఇచ్చేది. మరొకటి సంపును నింపేది. మూడవది సంపు నుంచి నీటిని లాగే 100 మిల్లీమీటర్ల సక్షన్ నోరు. రాత్రి పూట పొగలో సిబ్బంది రైజర్ అనుకొని సంపు నోటికి హోస్ తగిలిస్తే నీరంతా సంపులో పడుతుంది, పై అంతస్తులో వాల్వ్ తెరిచి నిలబడిన మనిషికి చుక్క రాదు. ఒక్కొక్క నోటి పైన దూరానికి కనబడే పెద్ద అక్షరాలతో ఏది ఏమిటో పెయింటు చేయించండి. ఇది ఒక్కరోజు పని.

రైజర్ నోటిలో నీటిని ఒక వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. అలాంటిదే పంపు వైపు గొట్టంలో కూడా ఉండాలి. పంపు వైపుది పట్టకపోతే ఫైరింజన్ కొట్టిన నీరు వెనక్కి పంపులోంచి సంపులోకి జారిపోతుంది. దీన్ని కనిపెట్టే మార్గం తేలికైనదే. స్థానిక అగ్నిమాపక కేంద్రం వారిని రాతపూర్వకంగా కోరి, వారి ఇంజన్‌తో రైజర్‌కు ఒత్తిడి ఇప్పించండి. ఆ సమయంలో భవనం పంపులను ఆపి, ఇతర కుళాయిలన్నీ మూసి, సంపు గోడ మీద సుద్దముక్కతో నీటి మట్టం గీయండి. పది నిమిషాల తరువాత మట్టం గీత దాటి పైకి వస్తే ఆ వాల్వ్ పట్టడం లేదని అర్థం. పెద్ద ఖర్చు లేకుండా తెలుసుకోగలిగే నిజం ఇది.

నోళ్ల మూతలు లేకపోతే లోపల సిగరెట్ పెట్టెలు, ప్లాస్టిక్ సంచులు చేరతాయి. వేలు పెట్టి చూడకుండా మూత తీసి టార్చితో చూడాలి, తరువాత మూతను గొలుసుతో కట్టాలి. ల్యాండింగ్ వాల్వ్ నోటిలో ఉండే రబ్బరు వాషరు ఎండిపోయి పగిలితే హోస్ బిగిసినట్టే కనిపించి, నీరు వచ్చిన మరుక్షణం చుట్టూ చిమ్ముతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లలో హోస్ పట్టుకునే స్ప్రింగు కొక్కేలు ఉప్పుకు బిగుసుకుపోతాయి. ప్రతి అంతస్తులోనూ వాటిని చేత్తో లాగి చూసి, కదలనివి మార్పించాలి.

సక్షన్ నోటి దగ్గర మరొక పరిమితి ఉంది. ఫైరింజన్ పంపు నీటిని కింది నుంచి పైకి లాగగలిగేది ఆచరణలో 7 మీటర్ల దాకానే. సంపు లోతుగా ఉండి, ఎండాకాలం మట్టం పడిపోతే ఆ దూరం దాటుతుంది, నీరు ఎక్కదు. పైగా సక్షన్ హోస్ పొడవు కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఇంజన్ నోటి పక్కనే నిలవాలి. అక్కడ వరసగా నిలబెట్టిన బైకులు ఆ సమయానికి తొలగించగలమని వాచ్‌మన్ చెప్పినా నమ్మవద్దు, ఎందుకంటే తాళాల మనుషులు లోపల పొగలో ఉంటారు. నేల మీద పసుపు గీతలు వేయించి, ఆ చోటును ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. పరీక్ష రోజున పై వాల్వ్‌లు తెరిచినవన్నీ మళ్లీ మూశారో లేదో అంతస్తు అంతస్తూ నడిచి చూసి, పైపులో ఒత్తిడి తగ్గినప్పుడల్లా తానుగా తిరిగి దాన్ని సరిచేసే చిన్న జాకీ పంపు ఎంతసేపటికొకసారి తిరుగుతోందో ఆ రాత్రి రాసిపెట్టుకోండి. గంటలో చాలాసార్లు తిరుగుతోందంటే ఎక్కడో నీరు కారుతోందని అర్థం చేసుకొని, మరునాడే వెతికించాలి.