ఎన్‌పీఎస్ పెరిగింది, కస్టమర్లు మాత్రం వెళ్లిపోతూనే ఉన్నారు: ఎక్కడ వెతకాలి

సమస్య: ఎన్‌పీఎస్, అంటే నెట్ ప్రమోటర్ స్కోరు, పోయిన నెల 20, ఈ నెల 35. మీటింగ్‌లో అందరూ హ్యాపీ, కానీ కాన్సిల్ చేసుకునేవాళ్లు మాత్రం అంతే మంది ఉన్నారు.

ముందు లెక్క చూడండి. "మమ్మల్ని వేరేవాళ్లకి రికమెండ్ చేస్తారా" అని 0 నుంచి 10 వరకు అడుగుతారు కదా, 9, 10 ఇచ్చినవాళ్లు ప్రమోటర్లు, 0 నుంచి 6 డిట్రాక్టర్లు, 7, 8 ఇచ్చినవాళ్లు మొత్తం జవాబుల్లో లెక్కకొస్తారు కానీ ఎటువైపూ చేరరు. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ దీన్ని పరిచయం చేసినప్పటి నుంచీ లెక్క మొదటి లైనే:

```
NPS = P% - D%
MoE = 1.96 * sqrt((P + D - (P-D)^2) / n)
```

P ప్రమోటర్ల వాటా, D డిట్రాక్టర్ల వాటా, n జవాబిచ్చినవాళ్ల సంఖ్య. రెండో లైను హెచ్చుతగ్గుల హద్దు, అంటే స్కోరు ఉత్తినే ఎంత అటూఇటూ ఊగొచ్చో చెప్పేది, P, D అక్కడ 0.45 లాగా పెట్టి, వచ్చినదాన్ని 100తో గుణించాలి. (0 ఇచ్చినవాళ్లంతా రేపు 6 ఇచ్చినా స్కోరు కదలదు, నాకు దీనిమీద ఉన్న పెద్ద కంప్లైంట్ అదే.)

కారణం 1: జవాబులు తక్కువ. నెలకి 100 మందే జవాబిచ్చారనుకోండి. పోయిన నెల 45 ప్రమోటర్లు, 25 డిట్రాక్టర్లు, ఈ నెల 50, 15. హద్దు మొదటిదానికి దాదాపు ±16, రెండోదానికి ±14, రెండు నెలల తేడాకి వచ్చేసరికి, ఆ రెండు హద్దుల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే, ±21, అంటే మీరు సంబరపడుతున్న 15 పాయింట్లు ఉత్త ఊగిసలాట కూడా కావచ్చు.

ఏం చేయాలి: రెండు మూడు నెలల జవాబులు కలిపి చూడండి, స్కోరు పక్కన హద్దు కూడా రాయండి. ఇవే శాతాలు నెలకి 1000 మందితో వచ్చుంటే తేడా హద్దు 7 దగ్గరికి దిగేది, అప్పుడు 15ని నమ్మొచ్చు.

కారణం 2: అడిగేదే సంతోషంగా ఉన్నవాళ్లని. ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే. స్టాఫ్ బోనస్ స్కోరుకి ముడిపెట్టారంటే "10 ఇవ్వండి సార్, లేకపోతే నాకు ప్రాబ్లం" అని అడుగుతారు, గొడవైన సపోర్ట్ టికెట్‌కి సర్వే లింకే వెళ్లదు. ఇక కాన్సిల్ చేసి వెళ్లిపోయినవాళ్లని ఎవరూ అడగరు, అసలు జవాబు ఉన్నది వాళ్ల దగ్గరే.

ఎలా తెలుస్తుంది: అంకెలవారీగా గ్రాఫ్ వేయండి, బోనస్ పెట్టిన నెల నుంచే 10 దగ్గర పొడుగ్గా లేచి, కామెంట్లు ఖాళీగా ఉంటే అనుమానించండి. తర్వాత ఏ ఉద్యోగి టికెట్లలో ఎంత శాతానికి సర్వే వెళ్లిందో లెక్కపెట్టండి, ఒకరికి 90, ఇంకొకరికి 30 ఉంటే విషయం దాదాపు తేలిపోయినట్టే.

ఏం చేయాలి: ఎవరికి పంపాలో సిస్టమే ర్యాండమ్‌గా ఎంచుకోవాలి, స్టాఫ్ చేతిలో ఉండకూడదు. బోనస్‌ని స్కోరు నుంచి విడదీయండి. ఆరు నెలల తర్వాత 9, 10 ఇచ్చినవాళ్లలో ఎంతమంది రెన్యూ చేశారో, 0 నుంచి 6 ఇచ్చినవాళ్లలో ఎంతమంది చేశారో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా ఉంటే, మీ బిజినెస్‌లో ఎవరు ఉంటారో ఎవరు పోతారో ఈ ప్రశ్న చెప్పలేకపోతోందని అర్థం, దానికి వాడకం, కంప్లైంట్ల డేటా చూసుకోవాల్సిందే.